SN1 నడుస్తోందా, SN2 నడుస్తోందా? రెండు గొట్టాలు, ఒక స్టాప్‌వాచ్‌తో తేల్చుకోవడం ఎలా

మూడు సీసాలు ముందు పెట్టుకోండి: 1-బ్రోమోబ్యూటేన్, 2-బ్రోమోబ్యూటేన్, టెర్షియరీ బ్యూటైల్ బ్రోమైడ్. మూడింటిలోనూ నాలుగు కార్బన్లు, ఒక బ్రోమిన్. ఫార్ములా కూడా ఒకటే, C4H9Br. తేడా అల్లా బ్రోమిన్ పట్టుకున్న కార్బన్‌కి ఎన్ని కార్బన్లు ఆనుకుని ఉన్నాయన్నదే. మొదటిదానికి ఒకటి, రెండోదానికి రెండు, మూడోదానికి మూడు. అందుకే మొదటిదాన్ని ప్రైమరీ, రెండోదాన్ని సెకండరీ, మూడోదాన్ని టెర్షియరీ అంటాం.

ఈ మూడింటినీ ఒక ద్రావణంలో వేస్తే మొదటిది ముందు స్పందిస్తుంది, మూడోది కదలదు. ఇంకో ద్రావణంలో వేస్తే మూడోది క్షణాల్లో స్పందిస్తుంది, మొదటిది మొండికేస్తుంది. ఈ తిరగబడటం కళ్లారా చూసినవాళ్లకి పుస్తకంలోని పట్టిక బట్టీ పట్టాల్సిన అవసరం ఉండదు. అందుకే కాగితం మీద బాణాలు గీయడం తర్వాత, ముందు గొట్టాలు చేద్దాం.

పేర్ల సంగతి రెండు ముక్కల్లో. SN2 అంటే న్యూక్లియోఫైల్, అంటే ఎలక్ట్రాన్ జంట ఇచ్చి కార్బన్‌తో బంధం కట్టే కణం, వెనకనుంచి వచ్చి తగులుతుండగానే బ్రోమిన్ ముందునుంచి వెళ్లిపోవడం, అంతా ఒకే అడుగులో. ఆ అడుగులో రెండు కణాలు పాల్గొంటాయి కాబట్టి ద్విఅణుక చర్య. SN1లో బ్రోమిన్ ముందు తనంతట తాను విడిపోతుంది, ధనావేశంతో మిగిలిన కార్బోకాటయాన్ దగ్గరికి న్యూక్లియోఫైల్ తర్వాత తీరిగ్గా వస్తుంది. నెమ్మదిగా నడిచే అడుగులో ఒకే అణువు ఉంది కాబట్టి ఏకాణుక చర్య. ఈ పేర్లు 1930లలో లండన్ యూనివర్సిటీ కాలేజీలో పనిచేసిన హ్యూస్, ఇంగోల్డ్ పెట్టినవి.

మొదటి గొట్టం: అసిటోన్‌లో సోడియం అయొడైడ్

100 మి.లీ. పొడి అసిటోన్‌లో 15 గ్రాముల సోడియం అయొడైడ్ కరిగించండి. తాజాగా చేసుకుంటే మంచిది. నిలవ ఉంచితే అయొడిన్ విడుదలై ఎర్రబారుతుంది. బాగా ఎర్రబడినదాన్ని పారబోయండి. మూడు పొడి గొట్టాల్లో 2 మి.లీ. చొప్పున పోసి, ఒక్కోదానిలో ఒక్కో బ్రోమైడ్ రెండేసి చుక్కలు వేసి, కుదిపి, టైమ్ చూడటం మొదలుపెట్టండి.

ఇక్కడి కిటుకు కరిగే గుణంలో ఉంది. సోడియం అయొడైడ్ అసిటోన్‌లో బాగా కరుగుతుంది, సోడియం బ్రోమైడ్ దాదాపు కరగదు. అయొడైడ్ వచ్చి బ్రోమైడ్‌ని బయటికి నెట్టిందంటే, ఆ బ్రోమైడ్ సోడియంతో కలిసి తెల్లని అవక్షేపంగా అడుగుకు దిగుతుంది. అంటే చర్య జరిగిందా లేదా అని చెప్పే దండోరా గొట్టంలోనే ఉంది.

1-బ్రోమోబ్యూటేన్ గొట్టం 25 డిగ్రీల దగ్గర మూడు నిమిషాల్లోపే తెల్లబడుతుంది. 2-బ్రోమోబ్యూటేన్ గొట్టాన్ని 50 డిగ్రీల నీళ్లలో కొన్ని నిమిషాలు ఉంచితేగానీ తెల్లదనం కనబడదు. టెర్షియరీది తేటగానే ఉండిపోతుంది. మరీ ఎక్కువసేపు వేడి చేస్తే అదీ కాస్త మసకబారవచ్చు, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. నీళ్ల వేడి 50 దాటనివ్వొద్దు, అసిటోన్ 56 డిగ్రీలకే మరుగుతుంది. మంట దగ్గరలో ఉండకూడదని వేరే చెప్పక్కర్లేదు.

రెండు పొరపాట్లు మామూలుగా జరుగుతాయి. గొట్టం తడిగా ఉంటే సోడియం బ్రోమైడ్ ఆ నీళ్లలో కరిగిపోయి, చర్య జరిగినా జరగనట్టే కనబడుతుంది. రెండోది దీనికి ఎదురు: హాలైడ్ చుక్కలు ఎక్కువ పడితే ద్రావణి గుణం మారి సోడియం అయొడైడే కాసేపు విడిపోతుంది, అది చూసి అవక్షేపం వచ్చేసిందనుకుంటాం. బాగా కుదిపి చూడండి, అయొడైడ్ అయితే మళ్లీ కరిగిపోతుంది.

ఈ గొట్టంలో ప్రైమరీ ఎందుకు గెలిచింది? వెనకనుంచి వచ్చే అయొడైడ్‌కి దారి ఖాళీగా ఉంది కాబట్టి. కార్బన్ చుట్టూ ఒక్కో గుంపు చేరేకొద్దీ దారి మూసుకుపోతుంది. ఈథైల్ బ్రోమైడ్ లాంటి ప్రైమరీ వేగాన్ని 1 అనుకుంటే, మిథైల్‌ది దాదాపు 30, ఐసోప్రొపైల్‌ది 0.025 చుట్టూ ఉంటుంది. టెర్షియరీకి ఈ దారిలో లెక్కపెట్టదగ్గ వేగమే లేదు.

మరి టెర్షియరీ తనంతట తాను విడిపోయి SN1 దారి పట్టొచ్చుగా, ఎందుకు పట్టలేదు? అసిటోన్ సహకరించలేదు. విడిపోయిన బ్రోమైడ్ అయాన్‌ని పట్టుకుని ఊరడించడానికి హైడ్రోజన్ బంధం ఇవ్వగల OH అసిటోన్‌లో లేదు. పట్టుకునేవాళ్లు లేని చోట అయాన్లు పుట్టవు. అదే అసిటోన్ అయొడైడ్‌ని కూడా గట్టిగా చుట్టేయదు, కాబట్టి అయొడైడ్ ఒంటరిగా, చురుగ్గా తిరుగుతుంది. ఒకే గుణం ఒక దారిని మూసి ఇంకో దారిని తెరుస్తోంది. ఈ ఒక్క వాక్యం గుర్తుంటే ద్రావణి అధ్యాయం సగం అయినట్టే.

వెనకనుంచే వస్తుందని గ్యారంటీ ఏమిటని క్లాసులో ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. మంచి ప్రశ్న. దానికి 1935లో హ్యూస్ బృందం సరిగ్గా ఈ మిశ్రమంతోనే, అంటే అసిటోన్‌లో సోడియం అయొడైడ్‌తోనే జవాబు చెప్పింది. ధ్రువణ భ్రమణం చూపే 2-అయొడోఆక్టేన్ తీసుకున్నారు, దానికి రేడియోధార్మిక అయొడైడ్ కలిపారు. పాత అయొడిన్ పోయి కొత్త అయొడిన్ ఎంత వేగంగా వస్తోందో రేడియోధార్మికతతో కొలిచారు. భ్రమణం ఎంత వేగంగా తగ్గుతోందో పోలారిమీటర్‌తో కొలిచారు. రెండోది మొదటిదానికి రెట్టింపు వచ్చింది. ఎందుకు రెట్టింపు? వంద అణువులూ ఒకే వైపు తిప్పేవి అనుకోండి. అందులో ఒకటి గొడుగు గాలికి తిరగబడ్డట్టు తిరగబడితే, తన వంతు భ్రమణం పోవడమే కాదు, ఎదురు వైపు తిప్పి మరో అణువు భ్రమణాన్నీ రద్దు చేస్తుంది. ఒక మార్పిడికి రెండు అణువుల భ్రమణం పోతోందంటే, ప్రతి మార్పిడిలోనూ అణువు తిరగబడుతోందన్నమాట. ముందునుంచి వచ్చినా, రెండు వైపులనుంచీ సమానంగా వచ్చినా ఈ రెట్టింపు రాదు. నాకు ఈ అధ్యాయం మొత్తంలో బాగా నచ్చిన ప్రయోగం ఇదే.

రెండో గొట్టం: ఇథనాల్‌లో సిల్వర్ నైట్రేట్

95 శాతం ఇథనాల్‌లో 2 శాతం సిల్వర్ నైట్రేట్ ద్రావణం చేసుకోండి. వేళ్ల మీద పడితే నల్ల మచ్చలు వారం దాకా పోవు, గ్లవ్స్ వేసుకోండి. మళ్లీ మూడు గొట్టాలు, 2 మి.లీ. చొప్పున ద్రావణం, ఒక్కో చుక్క బ్రోమైడ్.

ఈసారి వరస తలకిందులు. టెర్షియరీ వేసీ వేయగానే మీగడ రంగు సిల్వర్ బ్రోమైడ్ దిగుతుంది. సెకండరీకి కొన్ని నిమిషాలు ఓపిక పట్టాలి. ప్రైమరీ మామూలు వేడిలో ఐదు నిమిషాలైనా పెద్దగా మారదు, గొట్టాన్ని వేడినీళ్లలో పెట్టాలి.

ఇక్కడ పరిస్థితులన్నీ SN1 వైపు ఉన్నాయి. నైట్రేట్ బలహీనమైన న్యూక్లియోఫైల్, వెనకనుంచి వచ్చి నెట్టే శక్తి దానికి లేదు. సిల్వర్ అయాన్ బ్రోమిన్‌ని ముందునుంచి లాగుతోంది. ఇథనాల్, అందులోని కాస్త నీళ్లు, పుట్టిన అయాన్లని చుట్టుముట్టి నిలబెడుతున్నాయి. ఇక మిగిలింది కార్బోకాటయాన్ ఎంత సుఖంగా ఉండగలదన్నదే. చుట్టూ మూడు గుంపులున్న టెర్షియరీ కాటయాన్ బాగా నిలుస్తుంది, ప్రైమరీది నిలవదు.

ఈ పరీక్షలో నన్ను ఏడిపించినవి గొట్టాలు. ఒకసారి నేను చూసుకుంటున్న బ్యాచ్‌లో పిల్లలందరికీ అన్ని గొట్టాలూ తెల్లబడ్డాయి, ఏ బ్రోమైడూ వేయని ఖాళీ గొట్టంతో సహా. వాళ్లు గొట్టాలని బోరునీళ్లతో కడిగారు. ఆ నీళ్లలోని క్లోరైడ్ సిల్వర్‌ని చూడగానే సిల్వర్ క్లోరైడ్ అయిపోయింది. అప్పటినుంచి చివరి కడుగు డిస్టిల్డ్ వాటర్‌తోనే, పైగా హాలైడ్ వేయని గొట్టం ఒకటి పక్కన ఉండాల్సిందే. అలాగే పాత టెర్షియరీ హాలైడ్ సీసాలో చెమ్మ చేరితే లోపలే ఆమ్లం తయారై ఉంటుంది, అది వెంటనే అవక్షేపం ఇచ్చి అసలు వేగం తెలియకుండా చేస్తుంది. పని అయ్యాక సిల్వర్ ద్రావణాలని సింకులో పోయకుండా వేరే డబ్బాలో చేర్చండి, ఎండబెట్టవద్దు.

తెలియని హాలైడ్ చేతికొస్తే ఈ రెండు గొట్టాలూ కలిపి చదవాలి. అయొడైడ్ గొట్టం త్వరగా, సిల్వర్ గొట్టం ఆలస్యంగా వస్తే ప్రైమరీ. దీనికి ఎదురైతే టెర్షియరీ. రెండూ త్వరగా వస్తే? బెంజైల్ క్లోరైడ్ లాంటిది అనుమానించండి. దాని కార్బన్ ప్రైమరీయే కాబట్టి వెనక దారి ఖాళీ, పక్కనే బెంజీన్ వలయం ఉంది కాబట్టి కాటయాన్ కూడా నిలుస్తుంది. (దాని ఆవిరికి కళ్లలో నీళ్లు ధారగా కారతాయి, ఫ్యూమ్ హుడ్ బయట మూత తీయకండి.) రెండూ మొండికేస్తే నియోపెంటైల్ బ్రోమైడ్ లాంటిది కావచ్చు. పేరుకి ప్రైమరీయే, కానీ పక్క కార్బన్ మీద మూడు మిథైల్ గుంపులు గోడ కట్టినట్టుంటాయి, ఈథైల్‌తో పోలిస్తే SN2 వేగం లక్షో వంతుకు పడిపోతుంది. కాబట్టి ప్రైమరీ అనే మాట వినగానే SN2 అని రాసేయకండి. పక్క కార్బన్‌ని కూడా ఒకసారి చూడండి.

స్టాప్‌వాచ్: ద్రావణి పాత్రని అంకెల్లో చూడటం

గొట్టాలు వరస చెప్పాయి. ఏకాణుకమా, ద్విఅణుకమా అని నిజంగా తేల్చేది మాత్రం రేటు. దీనికి టెర్షియరీ బ్యూటైల్ క్లోరైడ్ వాడదాం. నీళ్లతో కలిస్తే ఇది ఆల్కహాల్‌గా మారి ఆమ్లం వదులుతుంది:

(CH3)3CCl + H2O → (CH3)3COH + HCl

ఆ ఆమ్లాన్ని తెలిసినంత సోడియం హైడ్రాక్సైడ్ తినేస్తుంది. హైడ్రాక్సైడ్ అయిపోగానే సూచిక రంగు మారుతుంది. ఆ క్షణం దాకా పట్టిన సమయమే మన కొలత.

పొడి అసిటోన్‌లో 0.10 M క్లోరైడ్ ద్రావణం అప్పటికప్పుడు చేసుకోండి. 100 మి.లీ.కి సుమారు 1.1 మి.లీ. క్లోరైడ్ సరిపోతుంది. ఒక చిన్న ఫ్లాస్కులో ఇది 3.0 మి.లీ. తీసుకోండి. రెండో ఫ్లాస్కులో 0.10 M సోడియం హైడ్రాక్సైడ్ 0.30 మి.లీ., నీళ్లు 6.7 మి.లీ., బ్రోమోఫినాల్ బ్లూ రెండు చుక్కలు. రెండో ఫ్లాస్కు నీలంగా ఉంటుంది. దాన్ని మొదటిదానిలో ఒక్కసారిగా పోసి వాచ్ నొక్కండి, కుదుపుతూ ఉండండి. నీలం పోయి పసుపు వచ్చిన క్షణంలో ఆపండి. 25 డిగ్రీల దగ్గర అర నిమిషం, అటూ ఇటూగా పడుతుంది.

లెక్క చూడండి. క్లోరైడ్ 0.30 మిల్లీమోల్, హైడ్రాక్సైడ్ 0.030 మిల్లీమోల్. అంటే రంగు మారేటప్పటికి క్లోరైడ్‌లో సరిగ్గా పదో వంతు ఖర్చయింది. మొదటి క్రమాంక చర్య అయితే k = 0.105/t, ఎందుకంటే 0.9కి సహజ సంవర్గమానం −0.105.

ఇప్పుడు అసలు పరీక్ష. హైడ్రాక్సైడ్‌ని 0.60 మి.లీ. చేసి, నీళ్లు 6.4కి తగ్గించి మళ్లీ చేయండి. చర్య SN2 అయి, హైడ్రాక్సైడే వచ్చి క్లోరిన్‌ని నెడుతుంటే, హైడ్రాక్సైడ్ రెట్టింపైంది కాబట్టి వేగమూ రెట్టింపవ్వాలి. రెట్టింపు పని, రెట్టింపు వేగం, సమయం దాదాపు మునుపటిదే రావాలి. కానీ మీ వాచ్ రెండింతలకి కొంచెం పైనే చూపిస్తుంది. ఐదో వంతు ఖర్చవడానికి పట్టే సమయం లెక్క ప్రకారం 0.223/k, అంటే 2.1 రెట్లు. హైడ్రాక్సైడ్ అక్కడ ఉన్నా చర్యని ఏమాత్రం తొందరపెట్టలేదన్నమాట. కొసరు పనికి కొసరు సమయం పట్టిందంతే. రేటు సమీకరణంలో క్లోరైడ్ ఒక్కటే ఉంది.

తర్వాత ద్రావణిని మార్చండి. మొదటి ప్రయోగంలో నీళ్లు 70, అసిటోన్ 30. ఇప్పుడు మొదటి ఫ్లాస్కులో 3.0 మి.లీ. క్లోరైడ్ ద్రావణంతోపాటు 1.0 మి.లీ. ఉత్త అసిటోన్ వేసి, రెండోదానిలో నీళ్లని 5.7 మి.లీ.కి తగ్గించండి. గాఢతలన్నీ అవే, నీళ్లు మాత్రం 60కి దిగాయి. సమయం మూడింతల దాకా పెరుగుతుంది. పది శాతం నీళ్లు తగ్గినందుకే ఇంత తేడా. చర్య వేగాన్ని శాసించే అడుగులో అయాన్లు పుడుతున్నాయి, వాటికి ఆసరా తగ్గింది కాబట్టి. వేర్వేరు ద్రావణుల్లో ఇదే క్లోరైడ్ వేగాన్ని పోల్చి చూస్తే, అసిటిక్ ఆమ్లంలో 1 అనుకుంటే మిథనాల్‌లో 4, ఫార్మిక్ ఆమ్లంలో 5,000, నీళ్లలో 1,50,000. 1948లో గ్రున్‌వాల్డ్, విన్‌స్టైన్ ద్రావణుల అయనీకరణ శక్తికి ఒక కొలబద్ద తయారుచేసినప్పుడు ప్రమాణంగా ఎంచుకున్నది కూడా ఈ టెర్షియరీ బ్యూటైల్ క్లోరైడ్‌నే.

SN2కి ఇదే లెక్క వేస్తే కథ అడ్డం తిరుగుతుంది. 1-బ్రోమోబ్యూటేన్‌తో అజైడ్ అయాన్ చర్య వేగం మిథనాల్‌లో 1 అయితే, నీళ్లలో 7, డీఎంఎస్‌ఓలో 1,300, డీఎంఎఫ్‌లో 2,800, అసిటోనైట్రైల్‌లో 5,000. నీళ్లు, మిథనాల్ హైడ్రోజన్ బంధాలతో అజైడ్‌ని దుప్పటి కప్పినట్టు కప్పేస్తాయి. అది దుప్పటి వదిలించుకుని రావాలంటే శక్తి ఖర్చు. డీఎంఎఫ్ లాంటివి సోడియంని పట్టుకుంటాయి, అజైడ్‌ని దాదాపు వదిలేస్తాయి. కాబట్టి ‘ధ్రువ ద్రావణి’ అని మాత్రమే రాసి వదిలేస్తే జవాబు సగమే. ఆ ద్రావణిలో OH లాంటి హైడ్రోజన్ ఉందా లేదా అన్నది కూడా రాయాలి. పరీక్ష పేపర్లలో ఎక్కువమంది మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే.

స్టాప్‌వాచ్ ప్రయోగంలో వేడిని పట్టించుకోకపోతే అంకెలు పనికిరావు. పది డిగ్రీలు పెరిగితే ఈ చర్య వేగం దాదాపు మూడు రెట్లవుతుంది. మే నెలలో ఫ్యాన్ కింద, మధ్యాహ్నం ఒక రన్, సాయంత్రం ఒక రన్ చేసి రెండూ పోల్చితే మీరు కొలిచింది ద్రావణిని కాదు, ఎండని. పైగా నీళ్లు, అసిటోన్ కలిసేటప్పుడు కాస్త వేడి పుడుతుంది. రెండు ఫ్లాస్కులనీ ఒకే నీళ్ల టబ్బులో పది నిమిషాలు ఉంచి, అక్కడే కలపండి. ఒక్కో రన్ కనీసం మూడుసార్లు చేయండి.

కాగితం మీద: సెకండరీ వచ్చినప్పుడు

ప్రైమరీకి, టెర్షియరీకి సబ్‌స్ట్రేటే తీర్పు చెప్పేస్తుంది, ద్రావణి వేగాన్ని మాత్రమే మారుస్తుంది. మిథనాల్‌లో వేసినంత మాత్రాన 1-బ్రోమోబ్యూటేన్ SN1కి మారదు, డీఎంఎఫ్‌లో వేసినంత మాత్రాన టెర్షియరీ SN2కి మారదు. ద్రావణి నిజంగా తీర్పరిగా కూర్చునేది సెకండరీ దగ్గరే. (R)-2-బ్రోమోబ్యూటేన్ ఇచ్చారనుకోండి.

డీఎంఎఫ్‌లో సోడియం అజైడ్ అంటే: సెకండరీ, దారి కొంత ఇరుకు కానీ మూసుకుపోలేదు. న్యూక్లియోఫైల్ మంచిది, క్షారగుణం తక్కువ. ద్రావణిలో OH లేదు, అజైడ్‌కి దుప్పటి లేదు. SN2. అణువు తిరగబడుతుంది, గుంపుల ప్రాధాన్య క్రమం మారలేదు కాబట్టి (S)-2-అజైడోబ్యూటేన్ వస్తుంది.

అదే బ్రోమైడ్‌ని అజైడ్ లేకుండా నీళ్లు కలిపిన ఇథనాల్‌లో వేడి చేస్తే: బలమైన న్యూక్లియోఫైల్ లేదు, అయాన్లని నిలబెట్టే ద్రావణి ఉంది. మామూలుగా SN1 అని రాస్తాం, రెండు వైపులా తిప్పే అణువులు సమానంగా ఉన్న రేసిమిక్ మిశ్రమం వస్తుందంటాం. పరీక్షకి ఆ జవాబు సరే. కానీ నిజంగా చేసి పోలారిమీటర్‌లో పెడితే పూర్తి సున్నా రాదు, తిరగబడ్డ అణువులే ఎక్కువ ఉంటాయి. సాదా సెకండరీ కాటయాన్ అంత స్వేచ్ఛగా బతకలేదు. బ్రోమైడ్ ఇంకా ముందువైపు పూర్తిగా తొలగకముందే ద్రావణి అణువు వెనకవైపు చేరిపోతుంది. SN1, SN2 రెండు విడివిడి గదులు కావు, మధ్యలో వరండా ఉంది, సెకండరీలు ఎక్కువగా తిరిగేది అక్కడే.

ఇక మూడో సందర్భం: ఇథనాల్‌లో సోడియం హైడ్రాక్సైడ్ వేసి వేడి. SN1, SN2లలో ఏదో ఒకటి ఎంచుకోవాలని పెన్ను కదిలించకముందే ఆగండి. బలమైన క్షారం, సెకండరీ, పైగా వేడి, మూడూ కలిశాయి. హైడ్రాక్సైడ్ కార్బన్ జోలికి పోకుండా పక్క కార్బన్ మీది హైడ్రోజన్‌ని లాగేస్తుంది, ఎక్కువ భాగం బ్యూటీన్ అయి వాయువుగా బయటికి పోతుంది. ఫ్లాస్కులో బుడగలు కనిపించి, చివరికి ఆల్కహాల్ దిగుబడి తక్కువొస్తే కారణం అదే.